ప్లస్ గుర్తు చిరునామాకు స్పామ్ వస్తే, సైటు అమ్మిందని రుజువైనట్టేనా?

శ్రీలత: ప్లస్ తర్వాత ఏ మాట చేర్చినా మెయిలు నా అసలు చిరునామాకే వస్తుంది కనుక, ఒక బట్టల దుకాణం సైటులో `peru+battalu@example.com` అని ఇచ్చాను. మరెక్కడా వాడని ఆ చిరునామాకే ఇప్పుడు అప్పుల ప్రకటనలు వస్తున్నాయి. వాళ్లే అమ్ముకున్నారని చెప్పవచ్చా?

కిరణ్: నిస్సందేహంగా చెప్పవచ్చు. ఒక్కరికే ఇచ్చిన చిరునామా మరొకరి చేతికి చేరిందంటే, అది అమ్మకం కాక మరేమిటి?

మాధవరావు: కిరణ్ గారి మాటలో సగమే నిజం. ఆ గుర్తు ఏ జాబితా నుంచి చిరునామా బయటపడిందో చెబుతుందే తప్ప, ఎలా బయటపడిందో చెప్పదు. 2012 జూలైలో డ్రాప్‌బాక్స్‌కు మాత్రమే ఇచ్చిన చిరునామాలకు జూదం సైట్ల ప్రకటనలు రావడంతో వాడుకరులు ఫిర్యాదు చేశారు. వారి అనుమానం నిజమే అయింది, కానీ అక్కడ జరిగింది అమ్మకం కాదు. వేరే సైటులో దొంగిలించిన పాస్‌వర్డుతో ఎవరో ఒక ఉద్యోగి ఖాతాలోకి చొరబడ్డారని, అందులోని ఒక పత్రంలో వాడుకరుల చిరునామాలు ఉన్నాయని ఆ సంస్థే ప్రకటించింది. పైగా దుకాణాలు ప్రకటనల మెయిళ్లను పంపే పనిని తరచుగా వేరే సంస్థకు అప్పగిస్తాయి కాబట్టి, లోపం అక్కడ కూడా ఉండవచ్చు.

ముందుగా ఆ మెయిలు నిజంగా ఏ చిరునామాకు వచ్చిందో చూడండి. పైన కనిపించే `To` వరుసలో పంపినవారు ఏదైనా రాసుకోవచ్చు. జీమెయిల్‌లో `Show original` తెరిచి, గూగుల్ సర్వరు చేర్చిన `Received` వరుసలో ఇలా ఉందేమో వెతకండి:

```
for <peru+battalu@example.com>
```

రహీమ్: నేను స్పామ్ ఆగుతుందని ప్లస్ పెట్టబోతే, రైలు టిక్కెట్ల సైటొకటి ఆ గుర్తునే ఒప్పుకోలేదు. మరో చోట ఒప్పుకున్నా స్పామ్ ఆగలేదు. మరి దీనివల్ల లాభమేమిటి?

మాధవరావు: రహీమ్ గారూ, అది స్పామును ఆపే ఉపాయం కాదు, అయినా మీరు మంచి విషయమే కదిపారు. ప్లస్ నుంచి @ ముందు వరకు ఉన్న భాగాన్ని కోసేయడం ఒక్క వరుస కోడుతో అయ్యే పని. జాబితా కొన్నవాడు అలా కోస్తే స్పామ్ మీ అసలు చిరునామాకే వస్తుంది, గుర్తు ఉండదు. అందువల్ల గుర్తు కనిపించలేదని ఏ సైటునూ నిర్దోషిగా తేల్చలేము. ఫైర్‌ఫాక్స్ రిలే, సింపుల్‌లాగిన్ వంటి సేవలు ఇచ్చే, మెయిళ్లను మీ అసలు చిరునామాకు చేరవేసే మారు చిరునామాలో కోయడానికి అసలు పేరే ఉండదు, బెడద పెరిగితే దాన్ని ఒక్కదాన్నే మూసేయవచ్చు. అయితే ఖాతా పాస్‌వర్డు మార్చుకునే మెయిలు కూడా అక్కడికే వస్తుంది కనుక, బ్యాంకుకు నేనైతే అలాంటిది ఇవ్వను.

శ్రీలత: చూశాను, ఆ వరుసలో `+battalu` ఉంది. కానీ ఆ మాటను ఎవరైనా ఊహించి ఉండవచ్చు కదా?

కిరణ్: తెలుగు మాటను ఊహించి పంపే స్పామర్ ఎవరండీ! నా అభిప్రాయంలో మార్పు లేదు.

మాధవరావు: ఊహించే అవకాశం తక్కువే, కానీ లేదనలేము. `+k7m2` వంటిదైతే ఆ ప్రశ్నే వచ్చేది కాదు. దుకాణానికి రాసేటప్పుడు "అమ్మారు" అనకుండా, ఈ చిరునామా మీకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు, మీ మెయిళ్లు పంపే సంస్థ ఏదో చెప్పండి అని అడగండి.