పళ్ళ మచ్చల ప్రాజెక్ట్: మూడో తరగతి పిల్లల్ని అడగొచ్చా?

అనంత_టెన్త్: సైన్స్ ప్రాజెక్ట్‌కి మా మండలంలో ఫ్లోరైడ్ నీళ్ళ టాపిక్ అనుకున్నాం. మా ఊరి ప్రైమరీ స్కూల్లో మూడో తరగతి పిల్లల్ని "ఏ నీళ్ళు తాగుతారు, పళ్ళ మీద మచ్చలు ఎప్పట్నుంచి ఉన్నాయి" అని అడిగి, పళ్ళ ఫోటోలు తీస్తాం. హెడ్‌మాస్టర్ సార్ సరే అన్నారు. ఇంకేమైనా చూసుకోవాలా?

కడప_కుర్రోడు: హెడ్‌మాస్టర్ సంతకం ఉంటే చాలు తమ్ముడూ. పేర్లు రాయకండి, ఏ గొడవా ఉండదు.



రీసెర్చ్_అక్క: పేర్లు రాయకూడదన్నది కరెక్టే. కానీ ఇరవై మంది ఉన్న క్లాసులో "ఆడపిల్ల, 8 ఏళ్ళు, ఫలానా వీధి" అని రాస్తే ఊళ్ళో ఎవరైనా ఇట్టే పోల్చేస్తారు. నోరు మాత్రమే కనిపించే ఫోటో అయినా అంతే. "గారపళ్ళు" అని తోటి పిల్లలు ఏడిపిస్తారు, ఫోటోలు వద్దు. ఇక హెడ్‌మాస్టర్ అనుమతితో బడిలోకి వెళ్ళొచ్చు, అంతవరకే. పిల్లల తరఫున ఒప్పుకోవాల్సింది అమ్మానాన్నలు. ఆరోగ్య పరిశోధనకు 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్ళ పిల్లలైతే, దానికి తోడు వాళ్ళు కూడా నోటితో సరే అనాలి. అమ్మ సంతకం పెట్టినా పాప వద్దంటే ఆపేయాల్సిందే. జవాబు చెప్పే ముందు పాప టీచర్ వైపు చూస్తుంటే అది ఇష్టంతో చెప్పేది కాదు. గదిలో తలుపేసి అడగొద్దు. టీచర్‌కి కనబడేలా, మాటలు మాత్రం వినబడకుండా వరండాలో కూర్చోండి.

అసలు మీ ప్రశ్నలోనే తేడా ఉంది. ఫ్లోరైడ్ మచ్చ పడేది పన్ను చిగురు కింద దవడలో తయారయ్యేటప్పుడు, అంటే బయటికి రావడానికి ఏళ్ళ ముందే. ఎప్పట్నుంచో పాపకేం తెలుస్తుంది? చిన్నప్పుడు ఏ నీళ్ళు పట్టారో అమ్మకే తెలుసు. అమ్మని అడగండి, బోరు నీళ్ళు టెస్ట్ చేయించండి. ఫ్లోరైడ్ గరిష్ఠ పరిమితి అయిన లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందో లేదో తెలుస్తుంది. అప్పుడు పిల్లల్ని అడగాల్సిన పనే లేదు.

అనంత_టెన్త్: అక్కా, అలాగైతే మాది నీళ్ళ ప్రాజెక్ట్ అయిపోతుంది కదా! మా క్లాస్ వాళ్ళకి ఫారం ఇస్తే?

రీసెర్చ్_అక్క: టిక్కులు పెట్టే ప్రశ్నలే ఇవ్వండి, చేతిరాత అందరికీ తెలుసు. మడిచి డబ్బాలో వేయమనండి, లీడర్ చేతికి వద్దు. ఇష్టం లేనివాళ్ళు ఖాళీ కాగితం వేస్తే ఎవరికీ తెలియదు. వాళ్ళూ మైనర్లే, ఇళ్ళలో అడగాల్సిందే.

అనంత_టెన్త్: సగం మంది అమ్మానాన్నలు బెంగళూరులో కూలికి ఉన్నారు. అవ్వ వేలిముద్ర వేస్తే సరిపోతుందా?

కడప_కుర్రోడు: సరిపోతుంది, పెంచేది అవ్వే కదా.

ఊరి_టీచర్: ఫారం అవ్వకి చదివి వినిపించి, సంబంధం లేని ఇంకొకరి చేత సాక్షి సంతకం పెట్టించండి. అమ్మకి ఫోన్ కూడా చేయండి.

రీసెర్చ్_అక్క: నేనైతే ఆ పిల్లల్ని వదిలేస్తా. టీచర్ గారు చెప్పిందీ కొట్టిపారేయలేను, వాళ్ళని వదిలేస్తే వలస ఇళ్ళే లెక్కలోకి రావు.