ఫీజులు, ఫ్లాట్, పీఎఫ్, కాశీ యాత్ర: ముందు ఏది?

నిజాంపేట అమ్మ: మా ఆయనకు 36, నాకు 34. ఇద్దరి జీతం కలిపి చేతికి 1,35,000 వస్తుంది. అద్దె 24,000, ఇంటి ఖర్చు 42,000, ఇద్దరు పిల్లల ఫీజులు, బస్సు కలిపి నెలకు 25,000 పడుతున్నాయి, అత్తామామలకు 10,000 పంపుతాం. ఎఫ్‌డీలో 9 లక్షలున్నాయి, ఆయన పీఎఫ్‌లో 8 లక్షలు. బాచుపల్లి వైపు 75 లక్షల ఫ్లాట్ చూశాం. పీఎఫ్ తీసి కొనేద్దామని ఆయన, వద్దని నేను. మామయ్యగారికి 69 ఏళ్లు, కాశీ తీసుకెళ్లమని మూడేళ్లుగా అడుగుతున్నారు. ఏది ముందు పెట్టుకోవాలి?

సొంతిల్లు: ఫ్లాటే ముందు కొనండి. నేను 2014లో ఇలాగే పీఎఫ్ తీసి కొన్నాను. అప్పుడు ఈఎంఐ కట్టలేనేమోనని భయపడ్డాను, ఇప్పుడది నా జీతంలో పావు వంతు కూడా లేదు. జీతం పెరుగుతుంది, అద్దె పెరుగుతుంది, ఈఎంఐ మాత్రం పెరగదు. మూడేళ్లు ఆగితే అదే ఫ్లాట్ మీకు అందదు. పైగా ఈఎంఐ ఉంటేనే మనలాంటి వాళ్లం డబ్బు దాస్తాం, లేకపోతే ఎటు పోతుందో తెలియదు.

డాలస్ బాబాయ్: పిల్లల్ని ఎమ్మెస్‌కి పంపే ఆలోచన ఉంటే ఇల్లు కొనుక్కోండి అమ్మా. ఎడ్యుకేషన్ లోన్‌కి తాకట్టు అడిగినప్పుడు మా అన్నయ్యకు ఆ ఫ్లాటే అక్కరకొచ్చింది.

నిజాంపేట అమ్మ: బాబాయ్‌గారూ, మా పిల్లలు ఇంకా ఐదు, రెండు తరగతులే. నేను అడుగుతున్నది ప్రతి జూన్‌లో కట్టే స్కూల్ ఫీజు గురించి.

లోన్‌డెస్క్: పద్నాలుగేళ్లు బ్యాంకులో హోమ్ లోన్ ఫైళ్లు చూశానండి. మీ ఫైల్ నా టేబుల్ మీదకు వస్తే సాంక్షన్ అయిపోతుంది. అయినా వద్దనే చెబుతాను.

75 లక్షల ఫ్లాట్‌కి బ్యాంకు 80 శాతం, అంటే 60 లక్షలు ఇస్తుంది. మిగతా 15 మీరు పెట్టాలి. రిజిస్ట్రేషన్ తెలంగాణలో ఏడున్నర శాతం, ఇంకో 5.6 లక్షలు, దీన్ని బ్యాంకు లోన్‌లో కలపదు. కబోర్డులు, కిచెన్, ఫ్యాన్లకు నాలుగైదు లక్షలు వేసుకోండి. మొత్తం 25 లక్షలు చేతిలో ఉండాలి. మీ ఎఫ్‌డీ, పీఎఫ్ రెండూ ఊడ్చినా 17. మిగతా 8 కోసం బంగారం పెడతారు, లేదా పర్సనల్ లోన్‌కి వెళతారు. నేను చూసిన వాళ్లలో ఎక్కువమంది ఇబ్బంది పడింది హోమ్ లోన్‌తో కాదు, దాని పక్కన తీసుకున్న ఈ చిన్న లోన్‌తో.

ఇక నెల సంగతి. ఇప్పుడు మీకు 34,000 మిగులుతోంది. ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు 60 లక్షల ఈఎంఐ 52,000. అద్దె పోతుంది కాబట్టి అదనంగా 28,000, మెయింటెనెన్స్ ఓ 4,000. మిగిలేది 2,000. వచ్చే జూన్‌లో ఫీజు పది శాతం పెరిగితే నెలకు 2,500 కావాలి. ఆ చిన్న లోన్ కిస్తీ ఇందులో లెక్కేయనే లేదు.

'సొంతిల్లు' గారు జీతం గురించి చెప్పింది నిజమే. కానీ ఈఎంఐ పెరగదన్నది సగమే నిజం. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో రేటు, అంటే బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ, 4 నుంచి 6.5 శాతానికి వెళ్లింది. దాంతో హోమ్ లోన్ల వడ్డీ కూడా పెరిగింది. చాలామందికి ఈఎంఐ అలాగే ఉంచి నెలలు పెంచారు. పదిహేనేళ్లలో తీరుతుందనుకున్న వాళ్లు స్టేట్‌మెంట్ తీసి చూసుకుంటే ఇరవై దాటింది. వడ్డీ రేటు మారుతూ ఉండే ఫ్లోటింగ్ లోన్ మీకు ఉంటే ఈఎంఐ ఒక్కటే చూడకండి, మిగిలిన నెలలెన్నో చూడండి.

సొంతిల్లు: నాకూ నెలలు పెరిగాయి, ఒప్పుకుంటాను. అయినా నా ఫ్లాట్ ధర రెట్టింపు దాటింది. అది కూడా లెక్కలోకి రావాలి కదా?

గోదారి గట్టు: అమ్మా, నా సంగతి చెబుతాను, అరవై మూడేళ్లవాడిని. ప్రైవేటు మిల్లులో ఉద్యోగం. పెద్దాడి ఇంజనీరింగ్‌కి ఒకసారి, ఇల్లు వేయడానికి ఒకసారి, అమ్మాయి పెళ్లికి ఒకసారి పీఎఫ్ తీశాను. రిటైరయ్యే నాటికి చేతికొచ్చింది నాలుగు లక్షలు. పెన్షన్ మూడు వేల లోపే. అబ్బాయి మంచివాడు, ప్రతి నెలా పంపుతాడు. కానీ బీపీ మాత్రలు అయిపోయినప్పుడు ఒకటో తారీఖు కోసం చూస్తూ రెండు రోజులు మానేసిన సందర్భాలున్నాయి, అడగలేక. మీ ఆయనతో ఈ మాట చెప్పండి.

లోన్‌డెస్క్: గోదారి గట్టు బాబాయ్‌గారు చెప్పినదానికి అంకె కూడా పెడతాను. మీ ఆయన పీఎఫ్‌లోని 8 లక్షలను ఆయనకు 58 ఏళ్లు వచ్చేదాకా, అంటే 22 ఏళ్లు కదపకుండా ఉంచి, ఇప్పటి 8.25 శాతమే కొనసాగితే సుమారు 46 లక్షలవుతుంది. ధరలు ఏటా ఆరు శాతం పెరిగాయనుకుంటే దాని విలువ ఇవాళ్టి లెక్కలో పన్నెండు, పదమూడు లక్షలే. అంటే ముట్టుకోకపోయినా చాలదు. అందులోంచి తీస్తే ఇంకెలా? పీఎఫ్‌తో పాటు వచ్చే పెన్షన్ మీద ఆశ పెట్టుకోవద్దు. 15,000 వేతన పరిమితి మీదే లెక్క కడతారు కాబట్టి పూర్తి సర్వీసు చేసినా ఏడున్నర వేల దగ్గర ఆగిపోతుంది.

వరంగల్ కోడలు: అందరూ కాశీని వదిలేశారు. మా నాన్నగారు రామేశ్వరం అడిగారు. ఇల్లయ్యాక వెళదామన్నాం. గృహప్రవేశం అయింది, ఆ మరుసటి నెల ఆయనకు మోకాలి ఆపరేషన్, తర్వాత గుండె. ఇప్పుడు మెట్టు ఎక్కలేరు. కాశీ ఘాట్ల మెట్లు ఎంత నిటారుగా ఉంటాయో చూసే ఉంటారు. ఫ్లాట్ మూడేళ్ల తర్వాతైనా దొరుకుతుంది అక్కా. ఆయన కాళ్లు అప్పటికి ఎలా ఉంటాయో ఎవరు చెప్పగలరు?

లోన్‌డెస్క్: నేనూ అలాగే చూస్తాను. ఏది ముఖ్యమని అడిగితే నాలుగూ ముఖ్యమే, ఇంట్లో గొడవే మిగులుతుంది. ఏ తేదీని జరపగలమో చూడండి. ఫీజు కట్టాల్సిన జూన్‌ను జరపలేం. మామయ్యగారి ఆరోగ్యం మీ చేతిలో లేదు. రిటైర్మెంట్ తేదీ దూరమే, కానీ వడ్డీ పని చేసేది ఈ దూరంలోనే. జరపగలిగేది ఫ్లాట్ ఒక్కటే.

9 లక్షల్లో 4 లక్షలు కదపకండి, ఉద్యోగం పోతే నాలుగు నెలలు ఇల్లు గడవడానికి. 70,000తో ఈ చలికాలం కాశీ వెళ్లి రండి. మిగిలిన 4.3 లక్షలు ఇంటి ఖాతా. నెలనెలా మిగిలే 34,000లో 5,000 రిటైర్మెంట్‌కి, 29,000 ఇంటికి. పెరిగే ఫీజులు పెరిగే జీతంలోంచి కట్టగలిగితే, మూడేళ్లలో వడ్డీతో కలిపి ఇంటి ఖాతా 16 లక్షలు దాటుతుంది. దాంతో 55 లక్షల ఫ్లాట్‌కి మీ వాటా 11, రిజిస్ట్రేషన్ 4.1 సరిపోతాయి. 44 లక్షల లోన్‌కి ఈఎంఐ 38,000. కబోర్డులకు మాత్రం డబ్బుండదు, పాత బీరువాలే తీసుకెళ్లాలి.

సొంతిల్లు: మూడేళ్ల తర్వాత ఆ వైపు 55 లక్షలకు ఏం దొరుకుతుంది? ఇప్పుడే వెతుక్కోవాల్సి వస్తోంది.

లోన్‌డెస్క్: రీసేల్‌లో, కాస్త పాత అపార్ట్‌మెంట్‌లో చూడాలి. ధర ఎంత పెరుగుతుందో నేను చెప్పలేను. ఎక్కువ పెరిగితే ఊరికి ఇంకా దూరం వెళ్లాలి, లేదా ఇంకో రెండేళ్లు అద్దెలో ఉండాలి. అది నిజమైన నష్టమే.

నిజాంపేట అమ్మ: ఇదంతా రాత్రి ఆయనకు చదివి వినిపించాను. గోదారి గట్టు బాబాయ్‌గారి మాత్రల మాట దగ్గర ఆగిపోయి, మళ్లీ చదవమన్నారు. పీఎఫ్ జోలికి వెళ్లబోమని ఒప్పుకున్నారు. ఫ్లాట్ అడ్వాన్సు మాట మాత్రం ఇంకా వదల్లేదు, బిల్డర్ ఆదివారం దాకా టైమిచ్చాడట. డిసెంబర్‌లో కాశీ టికెట్లు చూడమని మామయ్యగారికి ఇవాళ పొద్దున ఫోన్ చేశాను. అత్తయ్యకు కింద బెర్త్ దొరుకుతుందా అని అడిగారు.