బుగ్గలు సన్నబడాలని తిండి తగ్గించిన అమ్మాయి: బీడీడీనా, ఓసీడీనా, ఈటింగ్ డిజార్డరా?

రెండో_ఏడాది_పీజీ
మా యూనిట్‌లో టీచింగ్ కేసుగా పెట్టారు, వివరాలు మార్చి రాస్తున్నా. 19 ఏళ్ల స్టూడెంట్. బుగ్గలు ఉబ్బి ఉన్నాయని, ఎడమది మరీ ఎక్కువని రోజంతా అదే ధ్యాస. చూసేవాళ్లకి ఏ తేడా కనపడదు. రోజుకి 4 గంటలు అద్దం ముందే. పొద్దున్నే చల్లనీళ్లతో మొహం సరిగ్గా 9 సార్లు కడగాలి. మొహం సన్నబడాలని రాత్రి భోజనం, ఉప్పు మానేసింది. 5 నెలల్లో 54 కిలోల నుంచి 48కి వచ్చింది, ఎత్తు 162 సెంటీమీటర్లు. బుగ్గల్లో కొవ్వు తీసే సర్జరీకి అపాయింట్‌మెంట్ కూడా తీసుకుంది. బీడీడీ-వైబాక్స్ అనే ప్రశ్నల స్కేల్లో స్కోరు 31. మా గైడ్ బీడీడీ, అంటే ఎదుటివాళ్లకి కనపడని లోపం తన రూపంలో ఉందని కుమిలిపోయే జబ్బు, అంటున్నారు, నాకేమో ఈటింగ్ డిజార్డర్ అనిపిస్తోంది. ఒక్క డయాగ్నోసిస్ రాయాలంటే మీరు ఏది రాస్తారు?

లెక్కలరాయుడు
సరిగ్గా 9 సార్లు అన్నాక ఇంకా చర్చ దేనికి? లెక్క, పద్ధతి, ఆపలేకపోవడం, ఇదంతా ఓసీడీనే. ఒక్కటి అడిగి చూడండి, ఇదంతా అతి అని తనకే అనిపిస్తోందా అని. అవునంటే ఓసీడీ, కాదు నిజంగానే బుగ్గలు ఉబ్బాయంటే బీడీడీ. నేను ఎప్పుడూ ఇలాగే తేల్చేస్తాను.

పాత_కేస్‌షీట్
లెక్కలరాయుడు గారూ, మీరు చెప్పింది సగం నిజం. ఓసీడీ వాళ్లలో ఎక్కువమందికి తమ భయం అర్థం లేనిదని కొంతైనా తెలుస్తుంది, బీడీడీలో ఆ ఎరుక బాగా తక్కువ, మూడో వంతు లేదా అంతకన్నా ఎక్కువ మంది పూర్తిగా నమ్మేసి ఉంటారు. కానీ అది సగటు మాట. మానసిక జబ్బుల ప్రమాణాల పుస్తకం డీఎస్ఎం-5 రెండింటికీ ఒకే మూడు మెట్లు పెట్టింది: ఎరుక బాగానే ఉంది, తక్కువగా ఉంది, అసలు లేదు. ఎరుక ఏమాత్రం లేని ఓసీడీ ఉంది, "నాకే పిచ్చేమో" అనుకునే బీడీడీ కూడా ఉంది. అందుకని దానితో గీత గీయలేం.

9 అనే అంకె దగ్గర కూడా ఆగిపోవద్దు. "6 దగ్గర ఆపేస్తే ఏమవుతుంది?" అని అడగాలి. ఆపితే ఇంట్లో ఎవరికో ఏదో అవుతుందనో, ఎందుకో తెలీదు గానీ ఒంటికి "సరిపోయినట్టు" అనిపించదనో అంటే ఓసీడీ వైపు మొగ్గుతాను. "వాపు తగ్గదు, కాలేజీలో అందరూ ఈ బుగ్గనే చూస్తారు" అంటే ఆ కడగడం రూపం కోసం చేస్తున్నదే, లెక్క పైపైది. రెండు వైపులా ఒకేలా ఉండాలనే కోరిక కూడా ఇంతే. ఓసీడీలో పుస్తకాలైనా చెప్పులైనా సమానంగా లేకపోతే చిరాకు. ఇక్కడ బాధంతా తన మొహం వికారంగా ఉందన్న సిగ్గు.

ఇంకొకటి గమనించండి. ఓసీడీలో తలుపు గడియ చెక్ చేసినవాడికి కాసేపైనా ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది. బీడీడీలో అద్దం ముందు నుంచి లేచేసరికి చాలాసార్లు మనసు ఇంకా పాడవుతుంది, అయినా ఈసారి బాగా కనిపిస్తానేమోనన్న ఆశతో మళ్లీ వెళ్తారు. కాబట్టి "అద్దం చూశాక ఎలా ఉంటుంది?" అని అడగకుండా ఇంటర్వ్యూ ముగించొద్దు.

రెండో_ఏడాది_పీజీ
ఆ ప్రశ్న షీటులో ఉంది సార్. 6 దగ్గర ఆపితే "ఎడమ వైపు దవడ గీత కనపడదు" అంది. ఇంటర్వ్యూ అంతసేపూ ఎడమ బుగ్గని అరచేత్తో కప్పుకునే కూర్చుందని, మాట మాటకీ ఆఫ్ చేసిన ఫోన్ స్క్రీన్‌లో మొహం చూసుకుందని మా సీనియర్ రాశారు. ఓసీడీ పక్కన పెట్టేస్తున్నా. మరి ఆ 6 కిలోల సంగతి?

అమ్మలాంటి_అక్క
ఎందుకు బాబూ ఇంత టెన్షన్? పాత ఫొటోలు, ఇప్పటివి పక్కపక్కన పెట్టి, బుగ్గలు ఎప్పుడూ ఇలాగే ఉన్నాయమ్మా, చక్కగా ఉన్నావు అని చూపించండి. పిల్ల కుదుటపడుతుంది.

పాత_కేస్‌షీట్
అక్కా, మీ మనసు మంచిదే. పీజీ అడిగింది డయాగ్నోసిస్ గురించి, ఎలా ఓదార్చాలని కాదు. పైగా ఇలాంటి పిల్లలు రోజంతా ఆ భరోసా కోసమే ఇంట్లోవాళ్లని అడుగుతుంటారు, ఒక గంట ఊరట దొరుకుతుంది, మళ్లీ అడుగుతారు. ఆ ఫొటోలే రేపు పోల్చి చూసుకోవడానికి ఇంకో సాకు అవుతాయి.

డైట్_క్లినిక్_నుంచి
నేను ఈటింగ్ డిజార్డర్ టీమ్‌లో పనిచేస్తాను, అందుకని నా చూపు వేరు. 48 కిలోలంటే బీఎంఐ 18.3. చూడ్డానికి పెద్ద ప్రమాదం కాదనిపిస్తుంది, కానీ 5 నెలల్లో ఒంటి బరువులో తొమ్మిదో వంతు పోయింది. మొహం కోసమే తినడం లేదంటుంది కాబట్టి బీడీడీ అనేస్తే తొందరపడినట్టే. "నా బాధ బరువు కాదు, బుగ్గలే" అని మొదటి రోజు చెప్పే అనొరెక్సియా పిల్లల్ని చూశాను. తొడ, పొట్ట, బుగ్గ, ఏదో ఒకచోట వేలు పెట్టి చూపిస్తారు, వెనకున్న భయం లావెక్కుతానని.

ఆకలితో ఉన్న మెదడుతో మాట్లాడుతున్నామని కూడా మర్చిపోవద్దు. 1944-45లో మిన్నెసోటాలో అన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి నెలల తరబడి సగం తిండే పెట్టి చూశాడు. ముందు ఏ ఇబ్బందీ లేనివాళ్లే రోజంతా తిండి గురించే ఆలోచించడం, వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. అంటే ఈ అమ్మాయిలో ఇప్పుడు కనిపించే పట్టుదల, పద్ధతుల్లో కొంత భాగం తిండి లేక వచ్చిందే కావచ్చు. కథని వెనక్కి తిప్పి, బరువు 54 ఉన్నప్పుడు ఏముందో రాయండి. బుగ్గల బాధ ముందా, తిండి తగ్గించడం ముందా?

రెండో_ఏడాది_పీజీ
బుగ్గల బాధ 15 ఏళ్లకే మొదలైందని తల్లి చెప్పింది, అప్పట్లో జుట్టు బుగ్గల మీదకి వేసుకునేది, తిండి మామూలే. ఇంట్లో వెయింగ్ మెషిన్ ఉంది గానీ ఎక్కదట. బరువు పట్టింపు లేదనడానికి అది చాలదా? స్కోరు కూడా 31 కదా, 20 దాటితే బీడీడీ అని చదివాను.

డైట్_క్లినిక్_నుంచి
మెషిన్ ఎక్కకపోవడం ఏదీ రుజువు చెయ్యదు. రోజుకి పదిసార్లు ఎక్కేవాళ్లున్నట్టే, అంకె చూడ్డానికే భయపడి ఏడాదిగా ఎక్కనివాళ్లూ ఉన్నారు.

పాత_కేస్‌షీట్
స్కోరు సంగతి నేను చెప్తా. ఆ స్కేలు 12 ప్రశ్నలు, 48 మార్కులు. బీడీడీ అని తేలినవాళ్లలో అది ఎంత తీవ్రంగా ఉందో కొలవడానికి పెట్టింది. రూపం గురించి ఎంతసేపు ఆలోచిస్తావు, ఎంత బాధ అని అడుగుతుంది కాబట్టి, పొట్ట గురించి కుమిలిపోయే అనొరెక్సియా పేషెంట్‌కి ఇచ్చినా ఎక్కువే రావచ్చు. 31 అంటే బాధ గట్టిదని అర్థం, అది ఏ జబ్బో చెప్పదు.

తేల్చడానికి నేను రెండు ఊహలు ఇస్తాను. ఒకటి: "బరువు మళ్లీ 54 అవుతుంది, కానీ బుగ్గలు నీకు కావలసినట్టే ఉంటాయి, ఒప్పుకుంటావా?" రెండోది: "బరువు 46కి దిగుతుంది, బుగ్గలు మాత్రం ఇలాగే ఉంటాయి, అప్పుడు?" బీడీడీ అయితే మొదటిదానికి చటుక్కున సరే అంటారు, రెండోది వాళ్లకి పనికిరాని బేరం. ఈటింగ్ డిజార్డర్ అయితే మొదటిదాని దగ్గర తడబడతారు. జవాబు కన్నా ఆ తడబాటు చూడండి.

అద్దానికి_దూరం
నేను డాక్టర్ని కాదు. నాది ముక్కు. 22 ఏళ్లకి సర్జరీ చేయించుకున్నా, కొన్ని నెలలు పర్లేదు, తర్వాత గడ్డం వెనక్కి ఉందనిపించడం మొదలైంది, మళ్లీ సర్జన్ దగ్గరికి. అద్దం ముందు ఎన్ని గంటలు గడుపుతున్నావని ఏ సర్జనూ అడగలేదు. ఒంట్లో కొవ్వు గురించి నాకెప్పుడూ పట్టింపు లేదు, అయినా పార్టీల్లో తినేదాన్ని కాదు, నములుతుంటే పక్క నుంచి మొహం ఎలా కనిపిస్తుందోనని. నా తిండి చూసి ఒకరు డైటింగ్ అనుకున్నారు. కాబట్టి ఆ అమ్మాయిని రాత్రి భోజనం ఎందుకు మానేసిందని తన మాటల్లోనే చెప్పనివ్వండి.

పాత_కేస్‌షీట్
ఈ వివరం ఏ స్కేల్లోనూ దొరకదు, థాంక్యూ. పీజీ, ఇది విన్నాక ఆ సర్జరీ అపాయింట్‌మెంట్ గురించి కూడా మాట్లాడండి. బీడీడీలో సర్జరీ తర్వాత బాధ అలాగే ఉండడమో ఇంకో చోటికి మారడమో మామూలు. ఇంకో సంగతి, షీటులో ఆత్మహత్య ఆలోచనల గురించి ఏమీ రాయలేదు. బీడీడీలో ఆ రిస్కు ఎక్కువ. చుట్టూ తిప్పకుండా అడగాలి, సిగ్గు వల్ల వాళ్లంతట వాళ్లు చెప్పరు.

రెండో_ఏడాది_పీజీ
అడిగారు సార్, నేను రాయడం మర్చిపోయా, ఆలోచనలు అప్పుడప్పుడు వస్తాయి, ప్లాన్ లేదంది, ఇంట్లోవాళ్లకి చెప్పి జాగ్రత్తలు పెట్టారు. మీ మొదటి ఊహ లాంటిది సీనియర్ కూడా అడిగారట. "మొహంలోకి రాకపోతే 6 కిలోలు పెరిగినా పర్లేదు" అంది. కాసేపాగి, "కానీ ఇప్పుడు నడుము సన్నగా అయింది, అది పోతుందంటే కొంచెం భయంగానే ఉంది" అంది. ఇప్పుడు ఏం రాయాలి?

లెక్కలరాయుడు
చూశారా, ఇప్పుడు మూడూ ఉన్నాయి. నేను ఓసీడీ ఇంకా వదల్లేదు.

డైట్_క్లినిక్_నుంచి
ఆ రెండో వాక్యమే నాకు కావలసింది. మొదలు బీడీడీయే కావచ్చు, కానీ తగ్గిన బరువు తనకి నచ్చడం మొదలైంది. ఒక్కోసారి ఈటింగ్ డిజార్డర్ ఇలాగే లోపలికి వస్తుంది.

అసలు మీరెవరూ అడగనిది ఒకటుంది. వాంతి చేసుకుంటోందా? తరచూ వాంతి చేసుకునేవాళ్లలో చెవి ముందున్న లాలాజల గ్రంథులు ఉబ్బి, బుగ్గలు దవడ దగ్గర నిజంగానే గుండ్రంగా కనిపిస్తాయి. అది చూసి ఇంకా లావయ్యానని మళ్లీ వాంతి. అలాంటి పేషెంట్‌ని "లేని వాపు ఊహించుకుంటోంది" అని బీడీడీలో వేస్తే తప్పు మనదే. చేత్తో దవడ మూల తడిమి చూడండి, ముందు పళ్ల లోపలి వైపు ఎనామెల్ అరిగిందా, వేళ్ల కణుపుల మీద గట్టిపడిన మచ్చలున్నాయా చూడండి, నాడి, బీపీ, పొటాషియం చూడండి, నెలసరి అడగండి.

పాత_కేస్‌షీట్
ఒప్పుకుంటున్నా, వాంతి ప్రశ్న నాకూ తట్టాల్సింది. 15 ఏళ్ల వయసులోనే మొదలైన బాధకి మాత్రం అది జవాబు కాదు.

డీఎస్ఎం-5 అడ్డుగీత ఎక్కడుందో చూడండి. ఈటింగ్ డిజార్డర్ ప్రమాణాలు పూర్తిగా సరిపోయి, రూపం మీదున్న బాధంతా ఒంటి కొవ్వు, బరువుల గురించే అయితే అప్పుడు బీడీడీ రాయం. ఈ అమ్మాయికి ఎడమ బుగ్గ పెద్దదన్న బాధ కొవ్వు లెక్కలోకి పూర్తిగా రాదు. రెండూ కలిసి ఉండే వాళ్లకి రెండూ రాయొచ్చు. నేనైతే బీడీడీ రాసి, ఈటింగ్ డిజార్డర్ తేల్చాల్సి ఉందని కింద రాస్తాను. ఒక్కటే రాయాలన్న మీ గైడ్ నియమం పరీక్షకి బాగుంటుంది, పేషెంట్‌కి కాదు.

డైట్_క్లినిక్_నుంచి
నేను తలకిందులుగా రాస్తాను, ముందు తిండి, తర్వాత అద్దం. బరువు తక్కువగా ఉన్నప్పుడు బీడీడీకి ఇచ్చే ఎస్ఎస్ఆర్ఐ మందుల నుంచి అంత ఫలితం ఆశించలేం, అద్దం మీద పనిచేసే థెరపీకి కూడా తిన్న మెదడు కావాలి.

పాత_కేస్‌షీట్
బీఎంఐ 18.3కే మందు ఆపి కూర్చుంటానంటే ఒప్పుకోను. నాలుగేళ్ల బీడీడీ, ఆత్మహత్య ఆలోచనలు కూడా ఉన్నాయి. తిండి ప్లాన్, మందు, థెరపీ ఒకేసారి మొదలుపెడతాను.

రెండో_ఏడాది_పీజీ
గైడ్‌కి ఇదంతా చూపించా. వాంతి గురించి ఎవరూ అడగలేదట, గురువారం ఫాలో-అప్‌లో అడుగుతామన్నారు. డయాగ్నోసిస్ గడిలో మాత్రం ఇంకా ఒక్కటే రాయమంటున్నారు.