వాలుగా తీసిన దస్తావేజు ఫోటోను చదునుగా చేస్తే అక్షరాలు పొట్టిగా వస్తున్నాయి. ఎందుకు?

పాతకాగితాలు
తాతగారి పాత అమ్మకం దస్తావేజు మొదటి పేజీ ఫోటో ఉంది. అసలు కాగితం ఇప్పుడు మా దగ్గర లేదు, మళ్లీ తీయడం కుదరదు. మంచం మీద పెట్టి, కింది అంచు వైపు నుంచి వంగి తీశారు. అందుకే పేజీ కింద వెడల్పుగా, పైన ఇరుకుగా కనిపిస్తోంది. ఫోటో కొలత 3000 × 4000. నెట్‌లో దొరికిన పైథాన్ కోడ్‌తో సరిచేస్తే అంచులు నిటారుగానే వచ్చాయి కానీ అక్షరాలు పొట్టిగా, అడ్డంగా సాగినట్టు ఉన్నాయి. నాలుగు మూలల పిక్సెళ్లు ఇవి: పై ఎడమ (612, 540), పై కుడి (2310, 498), కింది కుడి (2788, 3610), కింది ఎడమ (190, 3702). తప్పు ఎక్కడుంది?

మల్లిక_పీ
ఇంత కష్టమెందుకండీ? గ్యాలరీలో ఎడిట్ నొక్కి, కొంచెం తిప్పి, క్రాప్ చేస్తే సరిపోదా? నేను ఆధార్ జిరాక్సులన్నీ అలాగే పంపుతుంటాను.

చదును
మల్లిక గారూ, పేజీ మొత్తం ఒకేలా పక్కకు ఒరిగితే తిప్పడం సరిపోతుంది. ఇక్కడ పై అంచు 1,698 పిక్సెళ్లు, కింది అంచు 2,600. ఎంత తిప్పినా ఆ రెండూ సమానం కావు. కొన్ని గ్యాలరీ ఎడిటర్లలో నిలువు వాలు సరిచేసే స్లైడర్ వేరేగా ఉంటుంది. అది కొంతవరకు పనికొస్తుంది, కాకపోతే మూలలను విడివిడిగా పట్టుకోనివ్వదు.

పాతకాగితాలు గారూ, మీ కోడ్‌లో maxWidth, maxHeight అనే పేర్లు ఉన్నాయా చూడండి.

పాతకాగితాలు
ఉన్నాయండీ. ఫలితం 2600 × 3190 వచ్చింది.

కీబోర్డు_బాబాయ్
ఆ పద్ధతి కరెక్టే కదా. ఎదురెదురు అంచుల్లో పొడవైనదాన్ని తీసుకుంటే పిక్సెళ్లు వృథా కావు. అందరూ వాడేది అదే. మూలలు సరిగ్గా గుర్తించి ఉండరు, మళ్లీ పెట్టి చూడండి.

చదును
బాబాయ్ గారూ, పిక్సెళ్లు వృథా కావన్నది నిజమే. కాగితం ఆకారం మాత్రం ఆ లెక్కలో దొరకదు. ఫోన్ వాల్చి తీసినప్పుడు పేజీ ఎత్తు కుదించుకుపోతుంది, వెడల్పు అంతగా పోదు. కుదించుకుపోయిన ఎత్తునే మనం కొలిచి అసలు ఎత్తు అనుకుంటున్నాం. 3190ని 2600తో భాగిస్తే 1.23. ఏ4 కాగితానికి ఇది 1.41, లీగల్‌కు 1.65 ఉండాలి. 1.23 నిష్పత్తితో దస్తావేజు కాగితం ఉండదు. మూలలను ఎంత జాగ్రత్తగా పెట్టినా ఈ పొట్టితనం పోదు.

కాబట్టి ఫలితం కొలతను ఫోటో నుంచి లెక్కకట్టకూడదు, కాగితం కొలత తెలిసి ఉంటే దాన్నే ఇవ్వాలి. మీది ఏ4 కాదనే అనుమానం. పేజీ మీద గుండ్రటి సీలు ఏమైనా ఉందా?

పాతకాగితాలు
కింద ఒక రబ్బరు సీలు ఉంది. సరిచేసిన బొమ్మలో అది కోడిగుడ్డులా అడ్డంగా ఉంది. కొలిస్తే వెడల్పు 410, ఎత్తు 306.

చదును
అదే మన కొలబద్ద. 410ని 306తో భాగిస్తే 1.34. అంటే ఎత్తు 1.34 రెట్లు పెరగాలి. 3190 × 1.34 అంటే దాదాపు 4275, దాన్ని 2600తో భాగిస్తే 1.64. లీగల్ కాగితం ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, 14 అంగుళాల ఎత్తు, నిష్పత్తి 1.647. సరిగ్గా కూర్చుంది. ఒక్క జాగ్రత్త: కొన్ని ఆఫీసుల సీళ్లు అసలే కోలగా ఉంటాయి. మీ లెక్క ఒక తెలిసిన కాగితం కొలత మీదకి వచ్చింది కాబట్టి నమ్మవచ్చు. 1.5 లాంటిది వచ్చి ఉంటే నేను ఇంకో ఆధారం అడిగేవాణ్ణి.

300 డీపీఐ, అంటే అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన లీగల్ అంటే 2550 × 4200.

```python
import cv2, numpy as np
img = cv2.imread("dast.jpg")
src = np.float32([[612,540],[2310,498],[2788,3610],[190,3702]])
W, H = 2550, 4200
dst = np.float32([[0,0],[W-1,0],[W-1,H-1],[0,H-1]])
M = cv2.getPerspectiveTransform(src, dst)
out = cv2.warpPerspective(img, M, (W, H), flags=cv2.INTER_CUBIC)
cv2.imwrite("dast_flat.png", out)
```

రెండు జాబితాల్లోనూ మూలల వరుస ఒకటే ఉండాలి: పై ఎడమతో మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే దిశలో. వరుస తప్పితే పేజీ మెలితిరిగి గాలిపటం తోకలా వస్తుంది, లేదా అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది.

గోదారి_గట్టు
కోడ్ రానివాళ్లకు GIMPలో దారి చెప్తాను. Shift+P నొక్కితే Perspective టూల్ వస్తుంది. దాని ఆప్షన్లలో Direction దగ్గర Corrective (Backward), Clipping దగ్గర Clip పెట్టండి. గళ్ల నాలుగు మూలలను కాగితం మూలల మీదకి లాగి Transform నొక్కండి. పేజీ మొత్తం ఫ్రేమంతా పరుచుకుంటుంది. అది ఫోటో కొలతలోనే, అంటే 3000 × 4000 లోనే వస్తుంది కాబట్టి ఇక్కడా ఆకారం తప్పే. చాలామంది ఈ మెట్టు దగ్గరే ఆగిపోతారు. తర్వాత Scale Imageలో గొలుసు గుర్తు నొక్కి తెంపి, 2550, 4200 అని టైప్ చేస్తేనే పని పూర్తవుతుంది.

మూలల గురించి ఒక మాట. పాత కాగితాలకు మూలలు చిరిగి ఉంటాయి, లేదా నలిగి గుండ్రంగా అయిపోతాయి. కనిపించే కొసను పట్టుకోకండి. రెండు అంచుల వెంట గీతలు పొడిగించి, అవి కలిసే చోటును మూలగా తీసుకోండి. ఈ ఫోటోలో పై అంచు దగ్గర పది పిక్సెళ్లు తప్పితే కాగితం మీద మిల్లీమీటరు పైనే తప్పినట్టు. 200 శాతం జూమ్ చేసి పెట్టండి.

రిటైర్డ్_గుమాస్తా
బాబూ, ఇలా సరిచేసిన ఫోటోను ఏ ఆఫీసులోనూ తీసుకోరు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు నంబరు, సంవత్సరం ఇచ్చి సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోండి.

పాతకాగితాలు
ధన్యవాదాలండీ. అది వేరే పని, ఎలాగూ చేస్తాం. ఇది ఇంట్లో చదువుకోవడానికి, సరిహద్దుల పాఠం టైప్ చేసి పెట్టుకోవడానికి మాత్రమే.

చదును గారూ, కోడ్ నడిపాను. సీలు గుండ్రంగా వచ్చింది! కానీ పేజీ పైభాగంలో అక్షరాలు మసకగా ఉన్నాయి, కింద మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ఒత్తులు, గుడులు పైన సరిగా తెలియడం లేదు. షార్పెన్ చేయాలా?

చదును
షార్పెన్ చేస్తే అంచులు నల్లబడతాయి, లేని ఒత్తు రాదు. పై అంచున ఎనిమిదిన్నర అంగుళాలకు 1,698 పిక్సెళ్లు ఉన్నాయి, అంటే అడ్డంగా అంగుళానికి 200. నిలువుగా ఇంకా తక్కువ. దూరంగా ఉన్న వైపు కుదింపు ఎక్కువ కాబట్టి అక్కడ 150 చుట్టూ ఉంటుంది. కింది అంచున మాత్రం 300 దాటుతుంది. పైభాగాన్ని నిలువుగా రెండింతలు సాగదీశాం, కాబట్టి మసక తప్పదు. తెలుగు లిపిలో గుడికి, గుడి దీర్ఘానికి తేడా చిన్న కొక్కెమే, ముందు పోయేది అదే.

ఈ ఫోటో మీకు ఎలా వచ్చింది? వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే పొడవు వైపు 1600 చుట్టూ కుదించేస్తుంది. మీది 4000 ఉంది కాబట్టి ఆ బాధ లేదు. మిగతా పేజీలు అడిగేటప్పుడు మాత్రం డాక్యుమెంట్‌గా పంపమనండి.

కీబోర్డు_బాబాయ్
అయితే 2550 × 4200 ఎందుకు? పైన ఉన్నదే 200 అన్నారు కదా. 1700 × 2800 చేస్తే నిజాయితీగా ఉంటుంది, ఫైలూ చిన్నది.

చదును
అలా చేస్తే కింది సగంలో ఉన్న వివరం పోతుంది. సరిహద్దులు, సీలు, సంతకాలు అక్కడే ఉన్నాయి. బొమ్మలోని అక్షరాలను చదివే టెసెరాక్ట్ లాంటి సాఫ్ట్‌వేర్లు కూడా 300 దగ్గరే బాగా చదువుతాయి.

గోదారి_గట్టు
టెసెరాక్ట్ మాట పక్కన పెట్టండి. చేతిరాత దస్తావేజును అది చదవలేదు. కంటితో చదవడానికైతే బాబాయ్ చెప్పినదానిలో తప్పేం లేదు. నేనైతే పెద్దదే ఉంచి, పంపేటప్పుడు చిన్నది చేస్తాను.

ఒకటి గమనించండి: నలుపు తెలుపు చేయడం ఎప్పుడూ చివర్లోనే. ముందే నలుపు తెలుపు చేసి తర్వాత సాగదీస్తే అక్షరాల అంచులు రంపం పళ్లలా వస్తాయి.

పాతకాగితాలు
మరో చిక్కు. పేజీ మధ్యలో అడ్డంగా ఒక మడత ఉంది. అంచులు ఇప్పుడు కూడా మధ్యలో కొంచెం బయటికి ఉబ్బి ఉన్నాయి.

చదును
నాలుగు మూలల లెక్క ఒకే బల్లపరుపు తలానికి. మడత దగ్గర కాగితం పైకి లేచి ఉంటే అవి రెండు తలాలు. మీ అసలు ఫోటోలో పై ఎడమ మూల నుంచి కింది ఎడమ మూలకు గీత గీయండి. మడత దగ్గర అంచు ఆ గీతకు ఎంత దూరంలో ఉంది?

పాతకాగితాలు
మడత ఎడమ కొస (428, 1712), కుడి కొస (2521, 1690). గీతకు బయట ఎడమన 27, కుడిన 28 పిక్సెళ్లు.

చదును
అలాగైతే పేజీని రెండు ముక్కలుగా చేయాలి. పై ముక్కకు రెండు పై మూలలు, రెండు మడత కొసలు. కింది ముక్కకు అవే మడత కొసలు, రెండు కింది మూలలు. సరిగ్గా సగానికి మడిచి ఉంటే ఒక్కో ముక్కకు W = 2550, H = 2100. పైన ఇచ్చిన కోడే రెండుసార్లు నడిపి `np.vstack([top, bottom])`తో అతికించండి. మడత దగ్గర సన్నటి అతుకు గీత మిగలవచ్చు.

సగానికి కాకుండా మడిచి ఉంటే? పేజీలో పంక్తుల మధ్య ఖాళీ పైనా కిందా ఒకేలా వచ్చేదాకా 2100ని కొంచెం అటూ ఇటూ జరపండి.

మల్లిక_పీ
మా పట్టాదారు పాసుపుస్తకం కూడా మధ్యలో కుట్టు దగ్గర వంగి వస్తోంది. దానికీ ఇలా రెండు ముక్కలు చేయొచ్చా?

గోదారి_గట్టు
కుట్టు దగ్గర వంపు మడతలా ఒకచోట విరగదు, నెమ్మదిగా తిరుగుతుంది. రెండు ముక్కలతో పోదు. మీ పుస్తకం చేతిలోనే ఉందిగా, ఒక్కో పేజీనీ విడిగా, కుట్టు వైపు వేలితో నొక్కి పట్టి తీయండి. ముదురు రంగు గుడ్డ పరిస్తే అంచులు తేలిగ్గా దొరుకుతాయి, తెల్ల బల్ల మీద తెల్ల కాగితం అంచు యాప్‌కు కనిపించదు. కాస్త దూరం జరిగి 2x పెట్టి తీస్తే వాలు కూడా తగ్గుతుంది. 0.5x మాత్రం వద్దు, అంచులు విల్లులా వంగుతాయి.

పాతకాగితాలు
రెండు ముక్కలు అతికించాను. పంక్తుల ఖాళీలు 2100 దగ్గర సరిపోలేదు, పై ముక్క 2060, కింది ముక్క 2140 చేస్తే కుదిరింది. కానీ సీలు ఇప్పుడు 402 × 410 వస్తోంది. ఇది మడత వల్లా, నా మూలల వల్లా?

చదును
రెండు శాతం తేడా సీలు వేసిన చెయ్యి ఒత్తిడి వల్ల కూడా రావచ్చు, దాన్ని బట్టి చెప్పలేం. ఎవరి దగ్గరైనా అదే విలువ స్టాంపు కాగితం ఉంటే, దాని మీద స్టాంపు ముద్ర చుట్టూ ఉన్న చట్రం అసలు కొలత కొలిచి చెప్తే తేలుతుంది.

కీబోర్డు_బాబాయ్
ఏ విలువ కాగితం? మా ఇంట్లో పాతవి కొన్ని ఉన్నాయి, స్కేలు పెట్టి చూస్తాను.