ఇద్దరు అనలిస్టుల సగటుల మధ్య 1.9 తేడా, అయినా ఆర్‌ఎస్‌డీ పాస్. రిపోర్ట్ రాసేయాలా?

స్వాతి_క్యూసీ
టాబ్లెట్ అస్సే, హెచ్‌పీఎల్‌సీ పద్ధతి, వాలిడేషన్ చివరికొచ్చింది. మొదటి రోజు నేను ఆరు శాంపిళ్లు విడివిడిగా తయారుచేసి ఇంజెక్ట్ చేశాను: 99.2, 99.6, 98.9, 99.4, 99.8, 99.1. సగటు 99.3, ఆర్‌ఎస్‌డీ 0.33 శాతం. మరో రోజు, మరో మెషిన్ మీద, వేరే కాలమ్‌తో మా సహోద్యోగి చేస్తే 97.3, 97.7, 97.1, 97.9, 97.4, 97.2 వచ్చాయి. సగటు 97.4, ఆర్‌ఎస్‌డీ 0.32. పన్నెండూ కలిపితే 1.06. ప్రోటోకాల్‌లో రాసుకున్న లిమిట్ 2.0, కాబట్టి పాస్. కానీ ఆ రెండు సగటులు చూస్తే నాకు టెన్షన్‌గా ఉంది.

కిరణ్_ల్యాబ్
పాస్ అయిందంటే పాస్ అయినట్టే కదండీ. 2 శాతం ఐసీహెచ్ పెట్టిన లిమిటే. నేనైతే ఒకే ద్రావణాన్ని ఆరుసార్లు ఇంజెక్ట్ చేసి చూస్తాను. 0.2 వస్తే పద్ధతి బాగున్నట్టే.

పాత_బెంచి
కిరణ్ గారూ, ఐసీహెచ్ క్యూ2లో ఎన్ని నిర్ధారణలు చేయాలో ఉంది, పాస్ మార్కు లేదు. ఆ 2 శాతం మనం అలవాటుగా రాసుకునేది. ఒకే ద్రావణాన్ని ఆరుసార్లు ఇంజెక్ట్ చేస్తే తెలిసేది ఇంజెక్టర్, డిటెక్టర్ల సంగతి మాత్రమే. తూకం, కరిగించడం, వడపోత అందులోకి రావు.

స్వాతి గారూ, మీ అనుమానం సరైనదే. పన్నెండింటినీ ఒకే కుప్పగా పోస్తే అసలు చెదురుదల తక్కువగా కనిపిస్తుంది. ఒక రోజులోని తేడానూ, రోజుల మధ్య తేడానూ అనోవాతో విడదీయండి. లోపలి వేరియన్స్ 0.10, రోజుల మధ్యది సుమారు 1.79. రెండూ కలిపి వర్గమూలం తీస్తే ఎస్‌డీ 1.4 దాకా వస్తుంది. అయితే రెండే రోజులు కాబట్టి ఈ అంకె మీద పెద్ద నమ్మకం పెట్టుకోకండి. అసలు విలువ ఇంకా ఎక్కువ ఉండొచ్చు, తక్కువా ఉండొచ్చు.

పద్మ_అవశేషాలు
మాది పురుగుమందుల అవశేషాల ల్యాబ్. రికవరీ 70 నుంచి 120 మధ్య, ఆర్‌ఎస్‌డీ 20 లోపు వస్తే ఒప్పుకుంటాం. మీరు 1.9కే ఇంత కంగారు పడుతున్నారేంటి?

పాత_బెంచి
పద్మ గారూ, మీరు వెతికేది కిలోలో మిల్లీగ్రాముల్లో, అంతకంటే తక్కువలో ఉండే పదార్థాన్ని. అక్కడ ఆ లిమిట్ సబబే. ఇక్కడ స్పెసిఫికేషన్ 95 నుంచి 105 అనుకుందాం. బ్యాచ్ నిజమైన విలువ 97 అయినప్పుడు, ఎస్‌డీ 1.4 ఉన్న పద్ధతితో ఒక్కసారి పరీక్షిస్తే, నూటికి ఏడెనిమిది సార్లు మంచి బ్యాచే 95 కిందికి పడిపోతుంది. ఎస్‌డీ 0.4 అయితే ఆ మాటే ఉండదు. లిమిట్‌ను ఈ లెక్క నుంచి తీయాలి. ఒకే రోజు రెండు శాంపిళ్లు చేసి సగటు తీసినా ఎస్‌డీ 1.38 నుంచి 1.36కే దిగుతుంది, ఎందుకంటే ఆ రోజు తేడా రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది.

స్వాతి గారూ, ముందు స్టాండర్డ్‌లు చూడండి. మీ ఇద్దరి స్టాండర్డ్‌లూ ఒకే మెషిన్ మీద పెట్టి, ఏరియాను గాఢతతో భాగించి పోల్చండి.

స్వాతి_క్యూసీ
పోల్చాను. తేడా 0.3 శాతమే. మరి తప్పు శాంపిల్ వైపు ఉందనుకోవాలా? కానీ మా ఖచ్చితత్వం పరీక్షలో 80, 100, 120 స్థాయిల్లో రికవరీ 99.5 నుంచి 100.4 దాకా చక్కగా వచ్చిందే!

పాత_బెంచి
ఆ రికవరీకి మీరు మందు పొడిని ప్లాసిబోలో కలిపి ఉంటారు. ఆ పొడి వెంటనే కరిగిపోతుంది. టాబ్లెట్‌లో మందు బైండర్‌తో కలిసి గట్టిగా నొక్కి ఉంటుంది, అది బయటికి వచ్చిందా లేదా అన్నది ఆ పరీక్షకు తెలియదు. సోనికేషన్ సమయం మార్చి చూడండి.

స్వాతి_క్యూసీ
చేశాం. పద్ధతిలో 'అప్పుడప్పుడు కుదుపుతూ 20 నిమిషాలు సోనికేట్ చేయాలి' అని ఉంది. నేను ఐదు నిమిషాలకోసారి కుదిపాను, సహోద్యోగి ఒకసారే కుదిపారు. ఇప్పుడు ఒకే లాట్‌తో, కుదపకుండా 20 నిమిషాలకు 97.3, 40 నిమిషాలకు 98.6 వచ్చాయి. ఐదు నిమిషాలకోసారి కుదిపితే 20కి 99.2, 40కి 99.3. అంటే మందు పూర్తిగా బయటికి రాలేదు. 'అప్పుడప్పుడు' అన్న మాట తీసేసి, 30 నిమిషాలు, ఐదు నిమిషాలకోసారి కుదుపు అని రాస్తున్నాం. ఇంటర్మీడియట్ ప్రెసిషన్ మళ్లీ మొదటి నుంచి.

కిరణ్_ల్యాబ్
ఇది నేను ఊహించలేదు. మరి ఈసారి లిమిట్ ఏం పెట్టాలి? సగటుల మధ్య టీ టెస్ట్ చాలదా?

పాత_బెంచి
ఆరు ఫలితాలు 0.3 ఎస్‌డీతో ఉంటే టీ టెస్ట్ 0.5 తేడాను కూడా పెద్ద తేడాగా పట్టేస్తుంది. అదే శాంపిళ్లు చెదిరి ఉంటే 1.5ను కూడా వదిలేస్తుంది. నేనైతే మొత్తం ఎస్‌డీ 0.8 దాటకూడదని, కనీసం నాలుగు రోజులు చేయాలని రాస్తాను.

స్వాతి_క్యూసీ
మా క్యూఏ వాళ్లు మాత్రం సగటుల తేడా 1.0 లోపు ఉండాలని, రెండు రోజులు చాలని అంటున్నారు. సోమవారం మీటింగ్‌కి అనోవా షీట్ తీసుకెళ్తాను.