హాఫ్నియం ఆక్సైడ్‌లో అడ్డుగోడ ఎత్తు తగ్గినా లీకేజీ ఎందుకు తగ్గుతుంది?

అందరికీ నమస్కారం. నేను కావలిలో ఇంజనీరింగ్ విద్యార్థులకు ట్రాన్సిస్టర్ల పాఠం చెబుతున్నాను. ఒక లెక్క విషయంలో తెలిసినవారి సహాయం కోరుతున్నాను.

గేటు కింది సిలికాన్ డయాక్సైడ్ పొర 1.2 నానోమీటర్లకు, అంటే నాలుగైదు అణువుల మందానికి, పలచబడినప్పుడు ఎలక్ట్రాన్లు దానిగుండా టన్నెలింగ్ ద్వారా దాటిపోతాయనీ, పొర మరో 0.2 నానోమీటర్లు తగ్గితే లీకేజీ సుమారు పది రెట్లవుతుందనీ పిల్లలకు చెప్పాను. 2007లో ఇంటెల్ 45 నానోమీటర్ల చిప్‌లలో హాఫ్నియం ఆధారిత పొరకు మారడానికి కారణం "k ఎక్కువ" అని పుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి గానీ, నాకది చాలలేదు.

ఎందుకంటే సిలికాన్ నుంచి ఎలక్ట్రాన్‌కు ఎదురయ్యే అడ్డుగోడ డయాక్సైడ్‌లో సుమారు 3.1 eV ఉండగా, హాఫ్నియం ఆక్సైడ్‌లో 1.5 eV మాత్రమే. సిలికాన్‌ను ఆనుకొని 0.5 నానోమీటర్ల డయాక్సైడ్ ఎలాగూ మిగులుతుందనుకుంటే, తక్కిన 0.7కు బదులుగా, k విలువ 20 అయితే, 0.7 × 20/3.9, అంటే 3.6 నానోమీటర్ల పొర వేయవచ్చు, కెపాసిటెన్స్ మారదు. టన్నెలింగ్ ఘాతాంకం మందం × √(అడ్డుగోడ ఎత్తు)కు అనులోమమని తీసుకుంటే, పాత పొరకు 2.1, కొత్త జంటకు 5.3 వస్తోంది.

అయితే ఇందులో ఎలక్ట్రాన్ ప్రభావ ద్రవ్యరాశి రెండు పదార్థాల్లోనూ ఒకటేనని అనుకున్నాను. హాఫ్నియం ఆక్సైడ్‌లో అది తక్కువ కనుక ఈ తేడా ఎంతవరకు నిలుస్తుంది? వోల్టేజీ వల్ల అడ్డుగోడ వాలడాన్ని ఈ స్థాయి లెక్కలో వదిలేయవచ్చా?