రెఫరల్ బహుమతి: చేరిన రోజునే ఇవ్వాలా, మూడు నెలలు ఆగాలా?

తాళంగుత్తి:
నావి 48 ఫ్లాట్లు. ఎప్పుడు చూసినా మూడో నాలుగో ఖాళీగా ఉంటున్నాయి. ఉన్నవాళ్లు ఎవరినైనా తీసుకొచ్చి చేర్పిస్తే వాళ్లకు సగం నెల అద్దె ఇద్దామనుకుంటున్నాను. అగ్రిమెంటు రోజునే ఇచ్చెయ్యాలా, కొత్తవాళ్లు మూడు నెలలు నిలబడ్డాక ఇవ్వాలా? అడిగిన ఇద్దరూ చెరో మాట చెప్పారు.

మూడోఅంతస్తు:
ఇందులో ఆలోచించడానికేముందండీ, మూడు నెలలు ఆగాల్సిందే. ముందే ఇస్తే డబ్బు కోసం ఎవరో ఒకర్ని లాక్కొచ్చి పడేస్తారు. "ఓనరు మంచాయన, ఆలస్యమైనా ఏమనడు, పక్కనోళ్లు అసలు గొడవ చెయ్యరు" అని లేనివన్నీ చెప్పి చేర్పిస్తారు. రెండో నెలకల్లా వాళ్లు మూటాముల్లె సర్దుకుంటారు. బహుమతి పోయింది, ఫ్లాటూ మళ్లీ ఖాళీ. మూడో నెల అద్దె చేతికొచ్చాకే ఇవ్వండి.

చిట్టాపద్దు:
భయం నిజమే గానీ, మందు సరిపోలేదు. మూడు నెలలు ఆగితే రెండు ఇబ్బందులొస్తాయి.

ఒకటి, బహుమతి ఇప్పుడు పాతాయన చేతిలో లేని విషయం మీద ఆధారపడుతుంది. స్నేహితుడు అద్దె కట్టాడా లేదా అని ప్రతి నెలా ఈయన వాకబు చెయ్యాలి. కట్టకపోతే ఈయనే వెళ్లి అడుగుతాడు. ఇద్దరి మధ్యా మాటా మాటా వస్తే ఒకేసారి రెండు ఫ్లాట్లు ఖాళీ అవుతాయి. రెండు, ఇప్పుడు మాట సాయం చేస్తే మూడు నెలల తర్వాత ఏదో వస్తుందంటే ఎవరూ ఫోను తియ్యరు.

పని చేసే పద్ధతి రెండు ముక్కలుగా ఇవ్వడం. డిపాజిట్, మొదటి నెల అద్దె రెండూ ఖాతాలో పడి, కొత్తవాళ్లు తాళాలు తీసుకున్నాక సగం. మూడో నెల అద్దె వచ్చాక మిగతా సగం. మొదటి సగానికి గుర్తు సంతకం కాదు, తాళాలు. సంతకం పెట్టి దిగకుండా పోయేవాళ్లూ ఉంటారు.

గుమ్మంముందు:
నాకు నాలుగు పోర్షన్లే ఉన్నాయి. పాతవాళ్లు అగ్రిమెంటు పొడిగించుకుంటే ఏదైనా ఇవ్వడం మంచిదా అన్నది నా అనుమానం కూడా. ఎంతిస్తే బాగుంటుంది?

చిట్టాపద్దు:
గుమ్మంముందు గారూ, అది వేరే విషయమండీ. పొడిగింపుకి ఇచ్చేది ఉన్నవాళ్లు వెళ్లిపోకుండా. ఇక్కడ అడుగుతున్నది కొత్తవాళ్లు రావడం గురించి. రెండూ ఒకే కాగితంలో కలిపితే దేనివల్ల ఏం జరిగిందో మీకే తెలియదు. నాలుగు పోర్షన్లకు రాతపూర్వకంగా పథకమూ అక్కర్లేదు, నోటిమాట చాలు.

అణాపైసా:
అసలు సగం నెల అద్దె ఎక్కువండీ. రోజుల లెక్కన చూడండి. మామూలుగా ఫ్లాటు 30 రోజులు ఖాళీగా ఉంటుందనుకుందాం. తెలిసినవాళ్ల ద్వారా వస్తే 12 రోజుల్లో నిండుతుందనుకుందాం. మిగిలేది 18 రోజుల అద్దె. కానీ రెఫరల్ అని వచ్చిన పదిమందిలో నలుగురు బోర్డు చూసి ఎలాగూ వచ్చేవాళ్లే. కాబట్టి నిజంగా మిగిలింది ఆరుగురి మీద 108 రోజులు. పదిమందికీ 15 రోజుల చొప్పున ఇస్తే 150 రోజులు పోయాయి. చేతి చమురు వదలడమే. పాతాయనకు ఏడు, కొత్తాయనకు మూడు, మొత్తం పది రోజులు దాటకూడదు.

చిట్టాపద్దు:
ఎలాగూ వచ్చేవాళ్లను తీసేసి లెక్కేశారు చూడండి, అది చాలామంది మర్చిపోయేదే. కానీ బ్రోకరును వదిలేశారు. రెఫరల్ లేకపోతే ఆ ఆరుగురూ బ్రోకరు ద్వారా వచ్చేవాళ్లై, కమిషన్ 15 రోజుల అద్దె అనుకుంటే, ఒక్కొక్కరి మీద మిగిలేది 33 రోజులు. ఆరుగురికి 198. అప్పుడు 150 ఇచ్చినా 48 రోజులు చేతిలో ఉంటాయి. బ్రోకరుకు ఇవ్వని చోట మీ లెక్కే ఖాయం. తాళంగుత్తి గారు ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

ఇంకో మాట. ఆ 12 రోజులు ఊరికే రావు. ఖాళీ అయ్యాక అందరికీ చెప్తే అద్దెదారుకీ, బోర్డుకీ తేడా లేదు. వెళ్లేవాళ్లు నోటీసు ఇచ్చిన రోజే మిగతావాళ్లకు కబురు వెళ్లాలి. "ఎవరైనా ఉంటే చెప్పండి" అంటే ఎవరికీ ఎవరూ గుర్తురారు. "రెండో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు, వచ్చే నెల ఒకటో తేదీకి ఖాళీ, అద్దె ఇంత" అంటే ఒక ముఖం గుర్తొస్తుంది.

తాళంగుత్తి:
బ్రోకరుకు ఇస్తున్నానండీ, సగం నెలే. అయితే నా సగం నెల బహుమతి సరిపోతుందన్నట్టేగా?

చిట్టాపద్దు:
పదిమందికే ఇస్తే సరిపోతుంది. పదహారుమంది అడిగితే?

ఇలా జరుగుతుంది. ఒకాయన బోర్డు చూసి వచ్చి, ఫ్లాటు చూసుకుని, ఖాయం చేసుకుంటాడు. మెట్లు దిగుతుంటే కింది ఫ్లాటాయన పలకరించి, "నా పేరు చెప్పండి, వచ్చింది చెరిసగం" అంటాడు. అగ్రిమెంటు రోజున పేరు గుర్తొస్తుంది. అలా ఆరుగురు తోడైతే పదహారుమందికి 15 చొప్పున 240 రోజులు. మిగిలింది 198. అక్కడితో పథకం మునిగినట్టే. ముందిచ్చారా వెనకిచ్చారా అన్నదానికంటే తూట్లు పడేది ఇక్కడ.

దీనికి కట్టుబాటు ఒకటే. పేరు మొదటి చూపుకు ముందే నమోదవ్వాలి. పాతాయన తనే మెసేజ్ పెట్టాలి: రాబోయేవాళ్ల పేరు, ఫోను నంబరు. మీ రిజిస్టరులో వరుస ఇలా ఉండాలి: పేరు అందిన తేదీ, ఎవరు పంపారు, మొదటి ఫోను తేదీ, ఫ్లాటు చూసిన తేదీ, తాళాలిచ్చిన తేదీ. పేరు అందింది 4న, చూసింది 6న అయితే చెల్లుతుంది. చూసింది 6న, పేరు వచ్చింది 9న అయితే చెల్లదు, ఎంత మంచివాళ్లయినా సరే.

ఫోను చేసిన ప్రతివాళ్లనూ "మా ఫ్లాటు గురించి ఎలా తెలిసింది?" అని అడిగి రాసుకోండి, బహుమతి ఊసెత్తకుండా. "బోర్డు చూశానండీ" అని ఆ రోజు అన్నవాళ్లకు తర్వాత స్నేహితుడు పుట్టుకొస్తే తేలిపోతుంది. ఒకరి కోసం ఇద్దరు పేర్లు పంపితే ముందు అందినదే లెక్క. పేరుకు 60 రోజుల గడువు పెట్టండి, లేకపోతే ఫోనులో ఉన్న నంబర్లన్నీ ఒకేసారి పంపేవాళ్లుంటారు.

మూడోఅంతస్తు:
రిజిస్టరు సంగతి ఒప్పుకుంటాను. కానీ రెండు ముక్కలన్నారు కదా, మొదటి సగం పాతాయన తీసుకున్నాక కొత్తవాళ్లు రెండో నెల పోతే? నష్టం నష్టమే. బాకీ ఉన్న అద్దెదారు మాటేమిటి? మూడు నెలల అద్దె ఎగ్గొట్టినాయన ఒకర్ని తెచ్చి బహుమతి అడిగితే ఇస్తారా?

చిట్టాపద్దు:
రెండో నెల పోతే మీరు పోగొట్టుకునేది ఏడున్నర రోజుల అద్దె. బ్రోకరు తెచ్చినవాళ్లు పోతే 15 రోజులూ పోతాయి, ఆయన వెనక్కివ్వడు. పోల్చాల్సింది దానితో.

బాకీ విషయంలో నా మాట: పేరు పంపిన రోజుకు బాకీ ఉంటే ఆ పేరు తీసుకోవద్దు. ముందే రాసిపెట్టండి.

అణాపైసా:
నేనొప్పుకోను. బాకీ ఉన్నాయన తెచ్చిన మనిషి మంచివాడైతే ఎందుకు వదులుకోవాలి? తీసుకోండి, బహుమతిని బాకీలో జమ చెయ్యండి. ఎలాగూ రాని డబ్బులో కొంత వసూలైనట్టు.

చిట్టాపద్దు:
ఎలాగూ రాని డబ్బయితే వసూలైంది కాగితం మీదే కదండీ. పైగా అద్దె ఎగ్గొట్టినా సర్దుకోవచ్చని మిగతావాళ్లకు చెప్పినట్టవుతుంది. కానీ ఖాళీలు ఎక్కువున్న నెలల్లో మీ దారి పట్టేవాళ్లూ ఉన్నారు, కాదనను.

జమాఖర్చు:
అద్దెలో తగ్గిస్తారా, చేతికిస్తారా అన్నది ఎవరూ అడగలేదు. తగ్గిస్తే రసీదు దగ్గర జాగ్రత్త. అద్దె వంద పాళ్లనుకుంటే రసీదులో 75 అని రాయకూడదు. "అద్దె 100, రెఫరల్ జమ 25, అందినది 75" అని మూడు పంక్తులు ఉండాలి. ఒట్టి 75 రాస్తే, రేపు అద్దె పెంచేటప్పుడు దేని మీద పెంచాలన్న గొడవొస్తుంది. నెల తప్పి 75 కట్టి "పోయినసారి తీసుకున్నారుగా" అనేవాళ్లూ ఉంటారు. బహుమతిని నెలనెలా తగ్గింపుగా విడదీసి ఇవ్వడం మరీ ప్రమాదం, అది అద్దె తగ్గినట్టే కనిపిస్తుంది.

చేతికిస్తే మెప్పు ఎక్కువ, నిజమే. కానీ ఒకే ఫ్లాటులో ముగ్గురు కలిసుంటే ఎవరి చేతికి? అద్దెలో జమ అయితే ఆ తగువు వాళ్లే తేల్చుకుంటారు.

గుమ్మంముందు:
అందరూ తెలిసినవాళ్లనే తెస్తే బిల్డింగంతా ఒకే గుంపు అయిపోదా? ఒకరు కదిలితే అందరూ కదులుతారు.

చిట్టాపద్దు:
నిజమే, ఆ ముప్పుంది. ఒక ఆఫీసువాళ్లో ఒక కాలేజీవాళ్లో నిండితే, ఆ ఆఫీసు చోటు మారిన నెల మీకు ఆరు ఖాళీలు. అందుకే ఒక్కో అద్దెదారుకి ఏడాదికి రెండు మూడు బహుమతులు దాటనివ్వకండి. బోర్డు తీసెయ్యకండి. రెఫరల్ మీద వచ్చినవాళ్లకూ మిగతావాళ్లకు పెట్టే పరీక్షే పెట్టండి: అదే ఆదాయం లెక్క, అవే కాగితాలు, అదే డిపాజిట్. తెలిసినవాళ్లని సడలిస్తే బాకీ పడేది అక్కడే. తెలియనివాళ్లను మాత్రమే గట్టిగా పరీక్షిస్తే అది వివక్ష కిందికి రావచ్చు, కొన్నిచోట్ల చట్టం ఊరుకోదు.

మరొకటి. లైసెన్సు లేనివాళ్లు అద్దెలు కుదిర్చి డబ్బు తీసుకోవడం మీద కొన్నిచోట్ల ఆంక్షలున్నాయి. అద్దెదారు పని పేరు చెప్పడం వరకే. ఫ్లాటు చూపించడం, అద్దె బేరం, కాగితాలు అన్నీ మీరే చూసుకోండి. మీ ఊరి నియమం ఒకసారి అడిగి తెలుసుకోండి.

తాళంగుత్తి:
రెండు ముక్కలు, పేరు ముందే నమోదు, రసీదులో మూడు పంక్తులు, ఈ మూడూ పెడుతున్నాను. ఒక్క అనుమానం మిగిలింది. రెండో సగం రాకముందే పాతాయన ఫ్లాటు ఖాళీ చేసి వెళ్లిపోతే?

మూడోఅంతస్తు:
ఇవ్వకండి. ఉన్నవాళ్ల కోసం పెట్టిన పథకం అది.

అణాపైసా:
ఆయన పని ఆయన చేశాడు, మీ ఫ్లాటు నిండింది. డిపాజిట్ తిరిగిచ్చేటప్పుడు దాంతో కలిపి ఇచ్చెయ్యండి.

చిట్టాపద్దు:
మూడో నెల అద్దె ఇంకా రాలేదు కదా, ముందే కలిపిస్తే మూడోఅంతస్తు గారి భయం మళ్లీ మొదటికొస్తుంది. ఆగి తర్వాత పంపిద్దామంటే ఆయన ఖాతా నంబరు తీసుకుని, తేదీ గుర్తుపెట్టుకుని పంపాలి. నాలుగు ఖాళీలైతే చెయ్యొచ్చు. ఏది పెట్టినా పథకం కాగితంలో ముందే రాయండి.